‘కొంచెం యాసిడ్’ అంటే ఎన్ని మిల్లీలీటర్లు?

ఇంటర్ కెమిస్ట్రీ ల్యాబ్‌లో టైట్రేషన్ చేసి బయటికొచ్చిన కుర్రాణ్ణి ఎలా చేశావని అడిగితే చెప్పేది దాదాపు ఇలా ఉంటుంది:

‘ముందు బ్యూరెట్ కడిగి అందులో పర్మాంగనేట్ పోశాను. తర్వాత పిపెట్‌తో ఆగ్జాలిక్ యాసిడ్ తీసి ఫ్లాస్క్‌లో వేసి, కొంచెం సల్ఫ్యూరిక్ యాసిడ్ కలిపి వేడి చేశాను. బ్యూరెట్ నుంచి మెల్లగా వదులుతూ పోతే గులాబీ రంగు వచ్చింది. రీడింగ్ 20.4. మళ్లీ చేస్తే 20.2. ఇంకోసారి చేసినా 20.2.’

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. ప్రయోగం కూడా బాగానే వచ్చింది. కానీ ఈ అయిదారు వాక్యాలను పక్క కాలేజీ అమ్మాయి చేతిలో పెట్టి ఇదే ప్రయోగం చేసి చూడమంటే ఆమె మొదటి వాక్యం దగ్గరే ఆగిపోతుంది. బ్యూరెట్‌ను దేనితో కడిగారు?

రికార్డులో ఈ ప్రయోగాన్ని ‘నేను పోశాను, నేను కలిపాను’ అని రాయకూడదని, ‘పోయబడింది, కలపబడింది’ అని భూతకాలంలో, కర్మణి ప్రయోగంలో రాయాలని లెక్చరర్లు చెబుతారు. ఇంగ్లీషులో రాసేవాళ్లకైతే వరసగా ‘వాజ్ యాడెడ్’, ‘వాజ్ హీటెడ్’. ఎందుకలా అంటే ‘సైన్స్‌లో అలాగే రాస్తారు’ అన్న జవాబే ఎక్కువగా వినిపిస్తుంది. అది జవాబు కాదు. చేసిన మనిషి వాక్యంలోంచి తప్పుకుంటే ఆ చోటు ఖాళీ అవుతుంది. ద్రావణం పేరు, దాని కొలత, దాన్ని కొలిచిన పరికరం వచ్చి అక్కడ కూర్చోవాలి. అవేవీ రాకుండా ‘నేను’ మాత్రమే పోతే లాభం లేదు. ‘కొంచెం సల్ఫ్యూరిక్ ఆమ్లం కలపబడింది’ అన్నది వ్యాకరణరీత్యా కర్మణి ప్రయోగమే. ప్రయోగం తిరిగి చేయడానికి మాత్రం ‘కొంచెం కలిపాను’ ఎంత పనికొస్తుందో అదీ అంతే పనికొస్తుంది.

సులువైన దారి ఇంకొకటుంది, మన రికార్డులు చాలా మటుకు అలాగే తయారవుతాయి. ప్రాక్టికల్ మాన్యువల్‌లో ‘20 మి.లీ. పిపెట్‌తో తీసుకోండి, 60-70 డిగ్రీల వరకు వేడి చేయండి’ అని ఉంటుంది. దాన్నే ‘తీసుకోబడింది, 60-70 డిగ్రీల వరకు వేడి చేయబడింది’ అని మార్చేస్తే పని అయిపోతుంది. ఇది నాకు మొదటి రకం కన్నా ఎక్కువ ఇబ్బందిగా అనిపిస్తుంది. మాన్యువల్ చెప్పేది చేయవలసిన పని, కాబట్టి అందులో ‘60 నుంచి 70’ అని వెసులుబాటు ఉండొచ్చు. భూతకాలంలో రాసిన వాక్యం జరిగిపోయిన పనికి సాక్ష్యం. థర్మామీటర్ ఒక సమయంలో ఒక అంకెనే చూపిస్తుంది. అది 66 అయితే 66 అని రాయాలి. థర్మామీటరే పెట్టకపోతే, ఫ్లాస్క్ మెడను చేత్తో పట్టుకోలేనంత వేడెక్కేదాకా ఉంచామని రాయాలి. కొలవని అంకెను భూతకాలంలో రాయడమంటే జరగని పనిని జరిగిందని చెప్పడమే.

ఇప్పుడు ఆ అమ్మాయి అడిగే ప్రశ్నల దగ్గరికి వద్దాం.

కడగడం గురించి పెద్దగా ఎవరూ రాయరు. కానీ రీడింగును అటూ ఇటూ చేసే పనుల్లో అది మొదటిది. ఈ ప్రయోగంలో మూడు గాజు పరికరాలుంటాయి, మూడింటినీ ఒకేలా కడగకూడదు. బ్యూరెట్‌ను నీళ్లతో కడిగి, ఆ తర్వాత అందులో పోయబోయే పర్మాంగనేట్‌తోనే మరోసారి తొలవాలి. లేకపోతే గోడలకంటిన నీళ్లు ద్రావణాన్ని పలచన చేస్తాయి. 50 మి.లీ. బ్యూరెట్‌లో అర మిల్లీలీటరు నీరు మిగిలి ఉంటే నూటికి ఒక వంతు పలచనైనట్టే. అప్పుడు 20.2 రావలసిన రీడింగు 20.4 అవుతుంది. పిపెట్‌కూ ఇదే పద్ధతి, దాన్ని ఆగ్జాలిక్ ఆమ్లంతో తొలవాలి. కోనికల్ ఫ్లాస్క్ సంగతి మాత్రం వేరు. దాన్ని డిస్టిల్డ్ వాటర్‌తోనే కడగాలి, తడిగా ఉన్నా నష్టం లేదు. అందులో పడేది పిపెట్ కొలిచి ఇచ్చిన ఆమ్లం కాబట్టి నీళ్లు ఎన్ని కలిసినా ఆ ఆమ్లం పరిమాణం మారదు. ఎక్కువ జాగ్రత్తకు పోయి ఫ్లాస్క్‌ను కూడా ఆగ్జాలిక్ ఆమ్లంతో తొలిస్తేనే చిక్కు. అడుగున అర మిల్లీలీటరు మిగిలినా, దానికోసం ఇంకో అర మిల్లీలీటరు పర్మాంగనేట్ ఖర్చయి రీడింగు 20.7 దగ్గరికి పోతుంది. ‘పరికరాలన్నీ శుభ్రంగా కడగబడ్డాయి’ అన్న ఒక్క వాక్యం ఈ తేడాలన్నిటినీ మింగేస్తుంది.

కుర్రాడి మొదటి రీడింగు 20.4 అని చూశాం కదా. అది బ్యూరెట్‌లో మిగిలిన నీళ్ల వల్ల వచ్చిందా, కొనలో ఇరుక్కున్న గాలిబుడగ మధ్యలో బయటికి పోవడం వల్ల వచ్చిందా, లేక చివర్లో రెండు మూడు చుక్కలు ఎక్కువ పడ్డాయా? అతని వాక్యాల్లోంచి తేల్చలేం. కడిగిన తీరు, కొన నిండిందా లేదా అన్నది రాసి ఉంటే కనీసం మొదటి రెండు అనుమానాలు తీరేవి.

‘కొంచెం యాసిడ్’ దగ్గర రెండు ప్రశ్నలున్నాయి. ఏ ఆమ్లం అన్నది అతను చెప్పాడు, అది మంచి పని. అక్కడ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తే పర్మాంగనేట్ అందులోని క్లోరైడ్‌ను క్లోరిన్‌గా మారుస్తూ అదనంగా ఖర్చవుతుంది. నైట్రిక్ ఆమ్లం తానే ఆక్సీకరణం చేయగలదు కాబట్టి పర్మాంగనేట్ చేయాల్సిన పనిలో అది చేయి పెడుతుంది. ఇక ఎంత అన్నది చెప్పలేదు. ఆమ్లం చాలకపోతే పర్మాంగనేట్ రంగులేని మాంగనీస్ లవణం దాకా పోకుండా మధ్యలో మాంగనీస్ డయాక్సైడ్ దగ్గర ఆగిపోతుంది, ఫ్లాస్క్‌లో గోధుమరంగు మడ్డి కనిపిస్తుంది. అది కనిపించిందంటే ఆ ఫ్లాస్క్‌ను పారబోసి మళ్లీ మొదలుపెట్టాల్సిందే. బ్యూరెట్‌ను ఒక్కసారిగా ఎక్కువ తెరిచినా ఇదే మడ్డి వస్తుంది. కాబట్టి ఆమ్లం గాఢత, పరిమాణం రెండూ రాయాలి. 1 మోలార్ సల్ఫ్యూరిక్ ఆమ్లం, 20 మి.లీ.

ఇక్కడో చిన్న మెలిక ఉంది. ఆగ్జాలిక్ ఆమ్లమూ 20 మి.లీ.యే, సల్ఫ్యూరిక్ ఆమ్లమూ 20 మి.లీ.యే. రికార్డులో రెండూ ఒకేలా కనిపిస్తాయి, కానీ ఒకేలాంటివి కావు. ఆగ్జాలిక్ ఆమ్లం ఒక్క చుక్క తేడా వచ్చినా లెక్క మారుతుంది, అందుకే దాన్ని పిపెట్‌తో తీస్తాం. సల్ఫ్యూరిక్ ఆమ్లం అవసరానికి మించి ఉంటే చాలు, 19 అయినా 22 అయినా ఫలితం కదలదు, అందుకే కొలజాడీ సరిపోతుంది. ‘పిపెట్‌తో’, ‘కొలజాడీతో’ అన్న ఒక్కో మాట చేరిస్తే చదివేవాళ్లకు ఎక్కడ ఊపిరి బిగబట్టాలో, ఎక్కడ అక్కర్లేదో తెలిసిపోతుంది. లేకపోతే ఆ అమ్మాయి సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని కూడా పిపెట్‌తో తీస్తూ కూర్చోవచ్చు. అంతకన్నా ఘోరంగా, ఆగ్జాలిక్ ఆమ్లాన్ని కొలజాడీతో పోసెయ్యవచ్చు.

అన్నిటికన్నా ఎక్కువ కథ ఉన్నది ‘వేడి చేశాను, మెల్లగా వదిలాను’ అన్న చోట.

ఆగ్జాలిక్ ఆమ్లానికీ పర్మాంగనేట్‌కీ మధ్య చర్య చల్లగా ఉన్నప్పుడు బద్ధకంగా సాగుతుంది. మొదటి చుక్కలు పడగానే గులాబీ రంగు వచ్చి అలాగే నిలబడుతుంది. సంగతి తెలియనివాళ్లు అదే ఎండ్ పాయింట్ అనుకుని 0.3 అనో 0.4 అనో రీడింగు రాసుకున్న సందర్భాలూ ఉంటాయి. కాస్త ఆగితే ఆ రంగు పోతుంది. చర్యలో పుట్టిన మాంగనీస్ అయాన్లే ఆ చర్యను తొందరపెడతాయి కాబట్టి, ఒకసారి అవి తయారయ్యాక తర్వాతి చుక్కల రంగు పడ్డ వెంటనే మాయమవుతుంది. అందుకే ద్రావణాన్ని ముందుగా వేడి చేయడం, మొదటి చుక్క రంగు పూర్తిగా పోయేదాకా రెండో చుక్క వేయకుండా ఆగడం. మరీ మరిగిస్తే ఆగ్జాలిక్ ఆమ్లమే కొంత విరిగిపోయి రీడింగు తగ్గిపోతుంది.

వేడి, వేగం ఫలితాన్ని ఎంత మారుస్తాయన్నదానికి ఇదే టైట్రేషన్ చరిత్రలో ఓ మంచి ఉదాహరణ ఉంది. అమెరికాలోని నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో మెక్‌బ్రైడ్ 1912లో ఈ ప్రయోగానికి ఒక పద్ధతి ఇచ్చాడు. వేడి ద్రావణంలో పర్మాంగనేట్‌ను నెమ్మదిగా పోయాలన్నది అందులోని ముఖ్యమైన అంశం. ఆ పద్ధతి చాలా ఏళ్లు చెలామణీ అయింది. 1935లో అదే సంస్థకు చెందిన ఫౌలర్, బ్రైట్ దాన్ని మళ్లీ పరీక్షించి, అలా చేస్తే పర్మాంగనేట్ గాఢత అసలు కన్నా నూటికి దాదాపు 0.4 వరకు ఎక్కువగా తేలుతోందని చూపించారు. వేడిగా ఉండి, పోయడం ఆలస్యమయ్యే కొద్దీ కొంత ఆగ్జాలిక్ ఆమ్లం గాలిలోని ఆక్సిజన్‌తోనే చర్య జరిపి పోతుంది. మిగిలినదానికి పర్మాంగనేట్ తక్కువ సరిపోతుంది, లెక్కలో అది ఎక్కువ గాఢంగా కనిపిస్తుంది. వాళ్ల పద్ధతిలో పర్మాంగనేట్‌లో అధిక భాగాన్ని మామూలు ఉష్ణోగ్రత దగ్గరే పోసేసి, రంగు పోయాక 55-60 డిగ్రీలకు వేడి చేసి, మిగిలిన కొద్దిపాటి దాన్ని చుక్కచుక్కగా పూర్తి చేస్తారు.

మన ఇంటర్ ల్యాబ్‌లో ఆ 0.4 పెద్ద లెక్కలోనిది కాదు. కానీ మెక్‌బ్రైడ్ తన పద్ధతిని ‘వేడి చేసి మెల్లగా వదిలాం’ అని రాసి వదిలేసి ఉంటే, ఇరవై మూడేళ్ల తర్వాత ఇంకొకరు దాన్ని అలాగే చేసి, తప్పు ఎక్కడుందో పట్టుకోవడం కుదిరేది కాదు.

ఎండ్ పాయింట్ మాటకొస్తే, ఈ ప్రయోగంలో వేరే సూచిక అక్కర్లేదు, పర్మాంగనేట్ రంగే సూచిక. ‘గులాబీ రంగు వచ్చింది’ అంటే చాలదు. ఎంత లేత రంగు, ఎంతసేపు నిలబడింది? ఒక్క చుక్కతో ఫ్లాస్కంతా లేత గులాబీగా మారి, కలిపినా ముప్పై సెకన్లు పోకుండా ఉంటే అక్కడ ఆపాలి. ఆ రంగు ఎప్పటికీ నిలవదు. మిగిలిన పర్మాంగనేట్ అక్కడే ఉన్న మాంగనీస్ అయాన్లతో మెల్లగా చర్య జరపడం వల్ల కాసేపటికి వెలిసిపోతుంది. ముప్పై సెకన్లని రాయకపోతే, ‘ఇంకా పోతోంది’ అనుకుంటూ ఆ అమ్మాయి చుక్కలు వేస్తూనే ఉంటుంది.

రీడింగు చూసే తీరు కూడా ఇక్కడ ప్రత్యేకం. మామూలుగా ద్రవమట్టం కింది వంపును చూడమంటారు. ముదురు ఊదారంగు పర్మాంగనేట్‌లో ఆ కింది వంపు కనిపించదు, అందుకే పై అంచును చూస్తారు. మొదట్లోనూ చివర్లోనూ పై అంచునే చూస్తే తేడా సరిగ్గానే వస్తుంది. ఒకసారి అది, ఒకసారి ఇది చూస్తేనే గొడవ.

ఇవన్నీ చేర్చి, కుర్రాడు నిజంగా చేసినదాన్నే, అతని నోటుబుక్కులోని అంకెలతో తిరగరాస్తే ఇలా వస్తుంది:

‘1.582 గ్రా. ఆగ్జాలిక్ ఆమ్ల స్ఫటికాలు డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించబడి, 250 మి.లీ. స్టాండర్డ్ ఫ్లాస్క్‌లో గుర్తు వరకు నింపబడ్డాయి. 50 మి.లీ. బ్యూరెట్ డిస్టిల్డ్ వాటర్‌తోనూ, తర్వాత రెండుసార్లు పర్మాంగనేట్ ద్రావణంతోనూ కడగబడింది. అదే ద్రావణంతో నింపబడి, కొనలో గాలిబుడగ లేకుండా చేయబడింది. 20 మి.లీ. పిపెట్ ఆగ్జాలిక్ ఆమ్ల ద్రావణంతో కడగబడింది. కోనికల్ ఫ్లాస్క్ డిస్టిల్డ్ వాటర్‌తో మాత్రమే కడగబడింది. ఫ్లాస్క్‌లోకి పిపెట్‌తో 20 మి.లీ. ఆగ్జాలిక్ ఆమ్ల ద్రావణం తీసుకోబడింది. పిపెట్ చివరి చుక్క ఊదబడలేదు, కొన ఫ్లాస్క్ గోడకు తాకించబడింది. కొలజాడీతో 20 మి.లీ. 1 మోలార్ సల్ఫ్యూరిక్ ఆమ్లం చేర్చబడింది. మిశ్రమం 66 డిగ్రీల సెల్సియస్ వరకు వేడి చేయబడింది. బ్యూరెట్ నుంచి పర్మాంగనేట్ ద్రావణం, ఫ్లాస్క్ కదుపబడుతూ ఉండగా, చేర్చబడింది. మొదటి చుక్క రంగు పూర్తిగా పోయేవరకు రెండో చుక్క వేయబడలేదు. ముప్పై సెకన్లు నిలిచిన లేత గులాబీ రంగు ఎండ్ పాయింట్‌గా తీసుకోబడింది. బ్యూరెట్ రీడింగులు ద్రవమట్టం పై అంచు వద్ద నమోదు చేయబడ్డాయి. వాడిన పరిమాణాలు 20.4, 20.2, 20.2 మి.లీ.’

చదవడానికి బరువుగా ఉందన్న మాట నిజమే. ‘-బడింది’ వరసగా వస్తే తెలుగు చెవికి గుచ్చుకుంటుంది. తెలుగులో రికార్డు రాసేవాళ్లు అక్కడక్కడా ‘తీసుకోవడమైంది’, ‘చేర్చడమైంది’ అని మార్చుకుంటే కొంత తేలికపడుతుంది, ఎవరు చేశారన్నది అప్పుడూ రాదు. బరువు ఎలా ఉన్నా ‘కొంచెం’, ‘మెల్లగా’, ‘శుభ్రంగా’ అన్నవి ఇందులో ఎక్కడా లేవు. పచ్చడికి ‘ఉప్పు తగినంత’ అని రాస్తే ఇంట్లో అందరికీ అర్థమవుతుంది. ల్యాబ్‌లో ఆ తగినంత ఎంతో రాసినవాడే చెప్పాలి.

అందులో 1.582 గ్రాములు ఎక్కణ్ణుంచి వచ్చిందని అడగవచ్చు. 0.05 మోలార్ ద్రావణం 250 మి.లీ. చేయడానికి కావలసింది 1.576 గ్రాములు. తూచేటప్పుడు సరిగ్గా అంతే పడటం కష్టం, పడవలసిన అవసరమూ లేదు. పడింది 1.582 అయితే ద్రావణం గాఢత 0.0502 మోలార్. మాన్యువల్‌ను చూసి భూతకాలంలోకి మార్చేవాళ్లు ‘1.576 గ్రాములు తూచబడింది’ అని రాసేస్తారు. అప్పుడు లెక్క ఎలా మారుతుందో చూడండి. రెండు పర్మాంగనేట్ అయాన్లకు అయిదు ఆగ్జాలిక్ ఆమ్ల అణువులు సరిపోతాయి. కాబట్టి పర్మాంగనేట్ గాఢత కావాలంటే ఆగ్జాలిక్ ఆమ్లం పరిమాణాన్నీ దాని గాఢతనూ హెచ్చవేసి, అందులో అయిదింట రెండు వంతులు తీసి, 20.2తో భాగించాలి. నిజంగా తూచిన బరువుతో 0.0199 మోలార్ వస్తుంది. మాన్యువల్ బరువుతో 0.0198. తేడా చిన్నదే. కానీ రెండోది ఎవరి ప్రయోగానిదీ కాని ఫలితం.

మూడు రీడింగుల్లో మొదటిదైన 20.4ను కొట్టేసి, ఒకేలా వచ్చిన 20.2, 20.2లను తీసుకోవడం ల్యాబ్ ఆచారం. వీటినే కాంకరెంట్ రీడింగులు అంటారు. లెక్కలోంచి తీసేయడం సరే, రికార్డులోంచి తీసేయకూడదు. మడ్డి వచ్చి పారబోసిన ఫ్లాస్క్ ఏదైనా ఉంటే దానికీ ఓ వాక్యం దక్కాలి. అదే దశలో అదే మడ్డి తన ఫ్లాస్క్‌లోనూ కనిపిస్తే ఆ అమ్మాయి ఎంత వేగంగా పోస్తోందో ఒకసారి చూసుకుంటుంది.

కర్మణి ప్రయోగానికి లోటు లేకపోలేదు. ల్యాబ్‌లో ఒక బ్యూరెట్‌కు ఇద్దరు విద్యార్థులుండటం మామూలే. ఒకరు కాక్ తిప్పితే ఇంకొకరు రీడింగు చూస్తారు. లేత గులాబీ ఎక్కడ మొదలైందన్నది ఇద్దరి కళ్లకూ ఒకేలా కనిపించకపోవచ్చు. ‘నమోదు చేయబడ్డాయి’ అన్న మాట ఎవరు చూశారన్నదాన్ని పూర్తిగా కప్పేస్తుంది. మూడు రీడింగులూ ఒకరే చూశారా, మధ్యలో మారారా అన్నది నిజంగా అవసరమైన సమాచారం. అలాంటప్పుడు ‘మూడు రీడింగులూ ఒకే విద్యార్థి చూసినవి’ అని కర్తను మళ్లీ పిలుచుకోవడంలో తప్పు లేదు. ‘నేచర్’ లాంటి పెద్ద పత్రికలు ఈ రోజుల్లో పరిశోధకులను ‘మేము చేశాం’ అని నేరుగానే రాయమంటున్నాయి. కర్త వచ్చినంత మాత్రాన వాళ్ల వ్యాసాల్లో ఉష్ణోగ్రతలూ పరిమాణాలూ మాయం కావు. ఇంటర్ రికార్డులో మాత్రం లెక్చరర్ అడిగిన రూపంలోనే రాయడం మంచిది, మార్కులు అక్కడున్నాయి.

ఆ పేరాలో ఇంకో ఖాళీ ఉంది, నేను కావాలనే వదిలిపెట్టాను. బ్యూరెట్‌లో పోసిన పర్మాంగనేట్ ఎప్పుడు తయారైంది? నీటిలోని సేంద్రియ మలినాలతోనూ, వెలుతురు వల్లా పర్మాంగనేట్ మెల్లగా విచ్ఛిన్నమవుతుంది. అలా ఏర్పడ్డ మాంగనీస్ డయాక్సైడ్ ఆ పనిని ఇంకా తొందరచేస్తుంది. అందుకే దాన్ని వడకట్టి ముదురు గోధుమరంగు సీసాలో ఉంచుతారు. అయినా కొన్ని వారాలు గడిచాక అదే సీసాలోంచి తీసుకుంటే గాఢత కొంత తగ్గి ఉండవచ్చు. పైన రాసిన ప్రతి మాటనూ తు.చ. తప్పకుండా పాటించిన అమ్మాయికి నెల తర్వాత 20.6 వచ్చిందనుకోండి. ఆమె చేతిలో లోపం లేదు, కుర్రాడి రికార్డులో అంకెలూ తప్పు కావు. ద్రావణం తయారైన తేదీ, వడకట్టారా లేదా, టైట్రేషన్ చేసిన తేదీ అన్న మూడు ముక్కలు మొదటి వాక్యానికి ముందు ఉంటే, ఆ 0.4 మి.లీ. ఎక్కణ్ణుంచి వచ్చి ఉండవచ్చో ఆమె సీసా మీది చీటీ చూసి ఊహించగలదు.